రీఫండ్ జమ చేయడానికి కార్డు వివరాలు ఎవరికీ అవసరం ఉండవు

“పన్ను రీఫండ్ మెసేజ్ అబద్ధమని భయపడకండి. డబ్బు కార్డులో వేయాలంటే కార్డు వివరాలు ఇవ్వాలి కదా. ఓటీపీ మనమేనని ధృవీకరించుకోవడానికే. పంపినవారి పేరు పన్ను శాఖదే, లింకులో తాళం గుర్తు కూడా ఉంది. గడువు దాటితే రీఫండ్ పోతుంది, అందరికీ పంపండి.”

రీఫండ్ మెసేజ్‌ను నమ్మమంటూ చేతులు మారుతున్న ఈ సందేశంలో, డబ్బు వేయడానికి కార్డు వివరాలు కావాలన్న మాటే తప్పు, మిగతావన్నీ దాని మీదే నిలబడ్డాయి. పన్ను రీఫండ్ సాధారణంగా రిటర్నులో మనం రాసిన బ్యాంకు ఖాతాకే వెళ్తుంది, కాబట్టి ఆ ఖాతా నంబరు శాఖ దగ్గర ముందే ఉంటుంది. కార్డుకే నేరుగా డబ్బు పంపే పద్ధతులు కొన్ని ఉన్న మాట నిజమే కానీ, వాటిలో కూడా కార్డు వెనుక ఉండే మూడంకెల సీవీవీతో పని లేదు. కార్డు ఎదురుగా లేకుండా దాని నుంచి డబ్బు తీసుకునేటప్పుడు, అది నిజంగా మన చేతిలోనే ఉందని నమ్మించడానికి ఆ మూడంకెలను అడుగుతారు. అందువల్ల ఎవరైనా సీవీవీ అడిగారంటే వారు చేయబోయేది జమ కాదు, ఖర్చు. భారత ఆదాయపు పన్ను శాఖ, బ్రిటన్‌లోని హెచ్‌ఎంఆర్‌సీ, అమెరికాలోని ఐఆర్‌ఎస్ కూడా మెసేజ్ పంపి కార్డు వివరాలు అడగబోమని ప్రజలకు చెబుతూనే ఉన్నాయి.

ఓటీపీ గురించిన మాట అన్నిటికంటే ప్రమాదకరమైనది, ఎందుకంటే అందులో సగం నిజం ఉంది. ఓటీపీ మనల్ని ధృవీకరించేదే, అయితే ఏ పని కోసం ధృవీకరిస్తోందన్నదే అసలు ప్రశ్న. నా సహోద్యోగి ఒకరు మోసపోయిన తర్వాత ఆయన ఫోనులోని మెసేజ్‌లను వరుసగా చదివాను. 18,426 రీఫండ్ వచ్చిందని చెప్పిన పేజీలో ఆయన కార్డు నంబరు, గడువు తేదీ, సీవీవీ నింపగానే “మీ రీఫండ్ ప్రాసెస్ అవుతోంది” అంటూ ఒక చక్రం తిరగడం మొదలైందట. ఆ చక్రం తిరిగిన నిమిషంలోనే అవతలివాడు అవే వివరాలతో ఒక షాపింగ్ సైటులో కొనుగోలు మొదలుపెట్టాడు. బ్యాంకు పంపిన మెసేజ్‌లో 17,900 చెల్లింపు అని, దుకాణం పేరుతో సహా స్పష్టంగానే ఉంది. పేజీలో మాత్రం “రీఫండ్ నిర్ధారణ కోడ్” అన్న గడి, పక్కన తగ్గిపోతున్న సెకన్లు కనిపిస్తుంటే ఆయన చూపు ఆరంకెల మీదే ఆగింది. కోడ్ కొట్టాక “తప్పు, మళ్లీ ప్రయత్నించండి” అని వచ్చింది. నిజానికి మొదటి కోడ్ సరిగానే పనిచేసింది, రెండోది రెండో కొనుగోలుకు వెళ్లింది. కొన్నిసార్లు ఆ ఓటీపీ మీ కార్డును వేరొకరి ఫోనులోని వ్యాలెట్‌కు కలపడానికి వస్తుంది, అప్పుడు డబ్బు వెంటనే పోదు కనుక అనుమానమూ రాదు. అందుకే ఓటీపీ మెసేజ్‌లో అంకెల కంటే ముందు, అది దేనికోసమో చెప్పే వాక్యాన్ని చదవాలి.

పంపినవారి పేరును చాలాచోట్ల నకిలీ చేయవచ్చు. ఫోను మెసేజ్‌లను పేరును బట్టి ఒకచోట చేరుస్తుంది కాబట్టి, దొంగ సందేశం గతంలో వచ్చిన అసలు సందేశాల కిందనే కనిపించే అవకాశం ఉంది.

ఇక తాళం గుర్తు, మీకూ ఆ సైటుకూ మధ్య వెళ్లే సమాచారాన్ని దారిలో ఇతరులు చదవలేరని మాత్రమే చెబుతుంది, ఆ సైటు ఎవరిదో చెప్పదు. ఆ గుర్తు రావడానికి కావలసిన ధృవపత్రాన్ని మోసగాళ్లు కూడా ఉచితంగానే తీసుకోగలరు. చూడవలసింది చిరునామాను:

```
https://tax.gov.refund-claim.example/login
```

దీనిలో `https://` తర్వాత వచ్చే మొదటి ఏటవాలు గీత `/` దగ్గర ఆగి, అక్కడి నుంచి వెనక్కి చదివితే సైటు అసలు పేరు `refund-claim.example` అని తెలుస్తుంది. ముందున్న `tax.gov` ఆ సైటు యజమాని తన ఇష్టప్రకారం తగిలించుకున్న ముక్క మాత్రమే.

గడువు సంగతి తేల్చుకోవడానికి ఆ లింకు అవసరం లేదు. పన్ను శాఖ పోర్టల్ చిరునామాను మీరే టైప్ చేసి లాగిన్ అయితే, రీఫండ్ ఉందో లేదో, ఏ ఖాతాకు వెళ్తుందో అక్కడే కనిపిస్తుంది.

ఇప్పటికే వివరాలు ఇచ్చి ఉంటే, డబ్బు ఇంకా పోలేదని ఆగకుండా బ్యాంకు యాప్‌లో గానీ, కార్డు వెనుక ఉన్న నంబరుకు ఫోను చేసి గానీ కార్డును వెంటనే బ్లాక్ చేయించాలి. మీరు చేయని లావాదేవీలను అప్పుడే ఫిర్యాదుగా నమోదు చేయించి, ఫిర్యాదు సంఖ్య తీసుకోవాలి. ఆ కార్డు ఏయే ఫోను వ్యాలెట్లకు కలిసి ఉందో అడిగి, మీవి కానివాటిని తొలగించమనండి. కొత్త కార్డు తెప్పించుకుంటే పాత అనుసంధానాలన్నీ వాటంతటవే పోతాయని అనుకోకూడదు.