బోర్డు మీద పేర్లా, లెక్కలా?

కొత్త సైన్సు మాస్టారు: ఏడో తరగతిలో నలభై మంది. మధ్యాహ్న భోజనం కాగానే నా పీరియడు. బల్ల కొట్టి "సైలెన్స్" అని అరిస్తే ఒక్క నిమిషం ఆగుతారు, మళ్లీ మొదలు. మీరైతే ఏం చేస్తారు?

(ఆదోనికి దగ్గరలో ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాల. ఆఖరి గంట కొట్టారు. బస్సు రావడానికి ఇంకా అరగంట ఉంది. స్టాఫ్ రూములో వాదన పెట్టుకోవడానికి ఇంతకంటే మంచి సమయం ఉండదు.)

తెలుగు మాస్టారు: క్లాసు లీడరును పెట్టండి. మాట్లాడినవాళ్ల పేర్లు బోర్డు మీద రాయమనండి. మీరు గుమ్మం దాటేసరికి చీమ చిటుక్కుమనదు. ముప్పై ఏళ్లుగా నాది ఇదే పద్ధతి.

లెక్కల మేడం: చీమ సంగతి సరే సార్, ఆ లీడరు సంగతి చూశారా? నిరుడు నేనూ అదే చేశాను. నెల తిరిగేసరికి వేరుసెనగ ఉండ ఇచ్చినవాడి పేరు చెరిగిపోయేది, ఇవ్వనివాడి పేరు పక్కన రెండేసి ఇంటూ గుర్తులు చేరేవి. నేను లోపలికి వెళ్లేసరికి పాఠం బదులు పంచాయితీ నడిచేది.

తెలుగు మాస్టారు: వారానికొక లీడరును మార్చండి. తప్పు మనిషిది, పద్ధతిది కాదు.

లెక్కల మేడం: పేర్లు రాశాక ఏం చేస్తారు?

తెలుగు మాస్టారు: నిలబెడతాను. 2009 విద్యాహక్కు చట్టం వచ్చాక బెత్తం బీరువా మీదికి పోయింది కదా.

లెక్కల మేడం: ఆ చట్టం పదిహేడో సెక్షను కొట్టడాన్నే కాదు, మానసిక వేధింపునూ వద్దంది. పీరియడంతా నిలబెట్టడం దేని కిందికి వస్తుందో మీరే ఆలోచించండి. నాకు అంతకంటే ముఖ్యమైన మాట ఇంకొకటి ఉంది. పేరు రాసే సమయానికి గోల అయిపోయింది. అసలు ఎప్పుడు మొదలైందో ఎవరూ రాయలేదు.

పీఈటీ: నేను గ్రౌండులో ఒక్క విజిల్ వేస్తే ఎనభై మంది ఆగుతారు. ఈయనకూ ఒక విజిల్ కొనిపెట్టండి.

(అడిగింది నాలుగు గోడల మధ్య జరిగే గోల గురించి. అయినా ఆయన మాటలో కొంత పస ఉంది.)

లెక్కల మేడం: వాళ్లు ఆగేది విజిల్‌కు కాదు సార్. ఆగకపోతే ఆట మొదలుకాదని వాళ్లకు తెలుసు. క్లాసులో మనం ఆ పని చేయం. ముప్పై అయిదు మంది ఊరుకుంటే చాలు, పాఠం మొదలుపెట్టేస్తాం. మాట్లాడుతూ ఉన్నా పాఠం నడుస్తుందని మిగిలిన అయిదుగురు ఆ రోజే నేర్చుకుంటారు.

తెలుగు మాస్టారు: నేను మొదటినుంచీ చెబుతున్నది అదే! పూర్తిగా ఊరుకునేదాకా నోరు విప్పకూడదు.

లెక్కల మేడం: ఆ మాట నూటికి నూరు పాళ్లు నిజం. నేను చెయ్యి పైకెత్తి నిలబడతాను. చూసినవాళ్లు ఎత్తుతారు, పక్కవాణ్ణి తడతారు. మొదటి వారం దాన్ని పాఠంలాగే నేర్పించాను, కావాలని మాట్లాడించి, ఆపించి. ఇప్పుడు పది సెకన్లు పడుతుంది. ఆ పది ముప్పై అయిందంటే తప్పు నాదే అని గుర్తు. నేనే వాళ్ల మాటల మీద మాట్లాడడం మొదలుపెట్టి ఉంటాను.

కొత్త సైన్సు మాస్టారు: అంటే చెయ్యి ఎత్తితే చాలా?

లెక్కల మేడం: చాలదు. ఆగిన తరువాత చేతికి పని లేకపోతే మళ్లీ మొదలవుతుంది. నేను ఒక వారం గడియారం చూసి గోల ఎక్కడెక్కడ లేస్తోందో రాసుకున్నాను. పాఠం చెప్పేటప్పుడు దాదాపు లేదు. ఒకటి, భోజనం నుంచి వచ్చేటప్పుడు. రెండోది, నోటు పుస్తకాలు దిద్దేటప్పుడు. రెండోదే పెద్దది. ఒక్కొక్కరినీ బల్ల దగ్గరికి పిలిచేదాన్ని. మనిషికి ఒక నిమిషం అనుకున్నా నలభై నిమిషాలు, పీరియడే నలభై అయిదు. ఒకరి పుస్తకం నా చేతిలో ఉంటే ముప్పై తొమ్మిది మంది ఖాళీ. అందులో పదిమంది నా బల్ల చుట్టూ మూగి, బెంచీలకూ నాకూ మధ్య గోడ కట్టేవారు. వెనక ఏం జరుగుతోందో నాకు కనిపించేదే కాదు.

తెలుగు మాస్టారు: దిద్దడం మానేస్తామా మరి?

లెక్కల మేడం: మానను. రోజుకు పదిమందివే దిద్దుతాను. ఆ రెండు వరసలవాళ్లు పేజీ తెరిచి ఒకదాని మీద ఒకటి పెట్టి ఇస్తారు, ఖాళీ పీరియడులో చూస్తాను. నాలుగు రోజులకు క్లాసంతా అవుతుంది. క్లాసులో నేను కూర్చోను. పిల్లలు లెక్క చేస్తుంటే బెంచీల మధ్య తిరుగుతూ అక్కడికక్కడే టిక్కు పెడతాను. ముందు చేసేసినవాడికి బోర్డు మూలన ఇంకొక లెక్క ఉంటుంది.

తెలుగు మాస్టారు: బాగుంది. మరి భోజనం మాటేమిటి? వాళ్లు ఒక్కసారిగా రారు. కొళాయి దగ్గర కంచాలు కడుక్కుని అయిదుగురు, పదిమంది చొప్పున వస్తారు.

లెక్కల మేడం: అందుకే ముందు వచ్చినవాడికి బోర్డు మీద రెండు లెక్కలు సిద్ధంగా ఉండాలి. ఆఖరివాడు వచ్చేదాకా మొదటివాడు ఖాళీగా కూర్చుంటే, ఆ గోలను తరువాత ఎవరూ ఆపలేరు.

తెలుగు మాస్టారు: ఎవరు రాస్తారమ్మా ఆ లెక్కలు? భోజనాల దగ్గర డ్యూటీ నాది. నేను తినేది ఎప్పుడు, చేతులు కడిగి సుద్దముక్క పట్టేది ఎప్పుడు?

(మేడం కాసేపు మాట్లాడలేదు. పక్కన కూర్చుని వింటున్న నాకూ ఇది న్యాయమైన ప్రశ్నే అనిపించింది.)

లెక్కల మేడం: పొద్దున్నే చీటీ మీద రాసి ఇస్తే ఒక పిల్ల బోర్డు మీద ఎక్కిస్తుంది. మీ లీడరుకు నేను ఇచ్చే పని అదే, పేర్లు రాయడం కాదు. అయితే నేను చీటీ మరిచిన రోజు గోల మామూలే. బి.ఎడ్‌లో జాకబ్ కౌనిన్ అనే అమెరికా పరిశోధకుడి గురించి చదివాం. తరగతుల్ని వీడియో తీసి చూశాడు. అల్లరి జరిగాక టీచరు ఏం చేశాడన్నదాన్ని బట్టి మంచి క్లాసుకూ చెడ్డ క్లాసుకూ తేడా దొరకలేదు. తేడా అంతా అల్లరికి ముందు జరిగినదానిలో ఉంది.

తెలుగు మాస్టారు: ఆయనకు మన పిల్లలు తెలుసా? సంక్రాంతి దాటగానే గుంటూరు వైపు మిరప కోతలకు పోయే ఇళ్లు తెలుసా? వాళ్ల పిల్లలు తిరిగివచ్చేసరికి మీ చెయ్యి ఎందుకు ఎత్తారో వాళ్లకు అర్థం కాదు.

లెక్కల మేడం: నిరుడు సరిగ్గా అదే జరిగింది. ఆరుగురు మార్చిలో తిరిగివచ్చారు. రెండు వారాల్లో నా పద్ధతి సగం చెడింది. ఈసారి వచ్చినవాళ్లను విడివిడిగా, బాగా అలవాటైన పిల్లల పక్కన కూర్చోబెట్టాలని ఉంది. క్లాసుకంతా మళ్లీ రెండు రోజులు నేర్పించాలి.

తెలుగు మాస్టారు: నేనైతే సాయంత్రం వాళ్ల వీధికి పోతాను. తల్లితో ఒక మాట చెబితే నెల రోజులు పనిచేస్తుంది. మీ క్లాసులో ఎప్పుడూ మాట్లాడే ఇద్దరున్నారు కదా, వాళ్ల విషయంలో మీ సంజ్ఞ ఏమీ చేయలేదు, అది గుర్తుంచుకోండి.

లెక్కల మేడం: ఆ ఇద్దరూ పుస్తకం చదవలేరు సార్. బోర్డు మీద లెక్క రాస్తే అందరికీ పని దొరుకుతుంది, వాళ్లకు దొరకదు. దానికి నా దగ్గర మందు లేదు.

(ఇద్దరూ ఒక్కసారిగా ఊరుకున్న చోటు ఇదొక్కటే.)

కొత్త సైన్సు మాస్టారు: పక్కపక్కవాళ్లను మాట్లాడుకోమని ప్రశ్న ఇస్తే? అప్పుడూ గోలే కదా, హెడ్‌మాస్టరు తొంగిచూస్తారు.

లెక్కల మేడం: రెండు నిమిషాలు ఇవ్వండి, చివర నోటు పుస్తకంలో ఒక వాక్యం ఉండాలని చెప్పండి. రాయవలసింది లేకపోతే అది కబుర్లే.

తెలుగు మాస్టారు: గోల గోలే. గోడ ఇవతల నా పద్యం వినపడదు. రేపు అలా జరిగితే వచ్చి గుమ్మంలో నిలబడతాను.

లెక్కల మేడం: రండి సార్. గుమ్మంలో మాత్రం వద్దు. మూడో బెంచీ పక్కన నిలబడి, ఏం మాట్లాడుకుంటున్నారో వినండి.

(బయట బస్సు హారన్ వినిపించింది. పీఈటీ అప్పటికే వెళ్లిపోయాడు. కొత్త మాస్టారు ఒక చీటీ చింపి, రెండు ప్రశ్నలు రాసి జేబులో పెట్టుకున్నాడు.)