సార్ట్ బటన్ నొక్కిన కమిటీ

మా వైపు ఒక యూనివర్సిటీ ఉంది, పేరు చెప్పను, చెప్పకపోయినా నష్టం లేదు, మీ ఊరి పక్కనున్నది కూడా అచ్చం అలాగే ఉంటుంది. వాళ్లు ఈ ఏడాది ఉత్తమ పరిశోధకుడి అవార్డు కోసం అన్ని డిపార్ట్‌మెంట్ల వాళ్లనీ ఒకే ఎక్సెల్ షీట్‌లో వేశారు. ఫార్మసీ, కెమిస్ట్రీ, మ్యాథ్స్, హిస్టరీ, తెలుగు, అందరూ ఒకే వరస. చివర్లో, ఎవరి పేపర్లని మిగతావాళ్లు ఎంత ఉదహరించారో చెప్పే హెచ్-ఇండెక్స్ కాలమ్. దాని మీద సార్ట్ కొట్టారు, పెద్దవి పైకి చిన్నవి కిందకి. కమిటీ పని అయిపోయింది, సమోసాలొచ్చాయి. పైన నానో మెటీరియల్స్ సారు 47తో వెలిగిపోతున్నారు, ఎక్కడో కింద మ్యాథ్స్ మేడం 6తో ఉన్నారు, అట్టడుగున తెలుగు శాఖ సారు సున్నాతో. "సున్నానా? మరి ఇన్నేళ్లూ ఏం చేసినట్టండీ" అని ఒకాయన నవ్వాడట కూడా.

ఇంత గొప్ప శాస్త్రీయ పద్ధతిని ఏమీ అనకూడదు, కానీ నాకు నోరు ఊరుకోదు.

ముందు ఈ 6 ఏంటో చూద్దాం. మేడం పేపర్లలో ఆరింటికి ఒక్కోదానికీ కనీసం ఆరేసి సైటేషన్లు, అంటే వేరే పేపర్లలో ఉదహరింపులు, ఉన్నాయి, ఏడింటికి ఏడేసి లేవు, అదీ లెక్క. 2005లో హిర్ష్ అనే ఫిజిక్స్ ప్రొఫెసర్ దీన్ని కనిపెట్టాడు, ఆ పేపర్లోనే ఆయన బయాలజీ వాళ్లకి ఈ నంబర్ ఫిజిక్స్ వాళ్లకంటే బాగా ఎక్కువ వస్తుంది, సబ్జెక్టు సబ్జెక్టుకీ తేడా ఉంటుంది అని చెప్పాడు కూడా. మనవాళ్లు నంబర్ తీసుకున్నారు, ఆ మాట అక్కడే వదిలేసి వచ్చారు.

అసలు సైటేషన్లు ఎక్కడి నుంచి వస్తాయి? ఆకాశం నుంచి ఊడిపడవు కదా, ఇంకో పేపర్ చివర్లో ఉండే రిఫరెన్సుల లిస్టులోంచే రావాలి. అంటే ఒక సబ్జెక్టులో వాళ్లు మొత్తం ఎన్ని ఇస్తే వాళ్లకి మొత్తం అన్నే వస్తాయి. ఒక లెక్క వేసుకుందాం, నంబర్లు సులువు కోసం నేను పెట్టుకున్నవే. మ్యాథ్స్ పేపర్‌కి సగటున 24 రిఫరెన్సులనుకోండి, బయోమెడికల్ పేపర్‌కి 60. ఏటా వచ్చే పేపర్ల సంఖ్య మారదనుకుంటే మ్యాథ్స్‌లో సగటు పేపర్‌కి జీవితకాలంలో వచ్చేవి 24, అటు వచ్చేవి 60. ఇక్కడ ఎవరూ తెలివైనవాళ్లు కాదు ఎవరూ మొద్దులు కాదు, ఇద్దరూ వాళ్ల వాళ్ల ఊళ్లో సగటు మనుషులే, అయినా ఒకాయన రెండున్నర రెట్లు గొప్పవాడైపోయాడు. ఇందులో తమాషా ఏంటంటే సబ్జెక్టులో జనం ఎక్కువున్నంత మాత్రాన ఈ సగటు పెరగదు. కానీ జనం ఎక్కువున్న చోట హిట్టయిన పేపర్ మరీ పెద్ద హిట్టవుతుంది, సార్ట్ కొట్టినప్పుడు పైకి తేలేది అదే.

ఇప్పుడు ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌కి రండి, అసలు వినోదం ఇక్కడుంది. జర్నల్‌లో గత రెండేళ్లలో వచ్చిన పేపర్లకి ఈ ఏడాది ఎన్ని సైటేషన్లు వచ్చాయో చూసి, ఆ పేపర్ల సంఖ్యతో భాగిస్తారు. రెండేళ్లే. మ్యాథ్స్‌లో ఒక పేపర్ బయటకి రావడానికే రిఫరీలు ఏళ్లు తీసుకుంటారు, చదివినవాడికి అర్థమై వాడుకునేసరికి ఇంకొన్నేళ్లు. 2008లో అంతర్జాతీయ గణిత సంఘాలు కలిసి వేసిన రిపోర్ట్‌లో చెప్పారు, మ్యాథ్స్ సైటేషన్లలో దాదాపు 90 శాతం ఈ రెండేళ్ల కిటికీకి బయటే పడతాయని. మన లెక్కలో పెడితే, 24 రిఫరెన్సుల్లో గత రెండేళ్ల పేపర్లకి పోయేవి 2.4 మాత్రమే. అవి రెండేళ్ల పేపర్లకి పంచాలి కాబట్టి సగటు మ్యాథ్స్ జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్ 1.2. అటు 60లో ఐదో వంతు కొత్తవాటికి పోతుందనుకుంటే 12, సగం చేస్తే 6. రిఫరెన్సుల్లో తేడా రెండున్నర రెట్లు, ఇక్కడికొచ్చేసరికి ఐదు రెట్లయింది, మధ్యలో ఎవడి తెలివీ పెరగలేదు. అందుకే గణితంలో శిఖరం లాంటి ఆనల్స్ ఆఫ్ మ్యాథమెటిక్స్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్ ఒంటి అంకె దాటదు, ఏటా క్యాన్సర్ గణాంకాలు వేసే ఒక అమెరికన్ జర్నల్‌ది 200 దాటిపోయింది, ఎందుకంటే ప్రపంచంలో క్యాన్సర్ మీద పేపర్ రాసే ప్రతివాడూ మొదటి వాక్యంలో ఆ గణాంకాలనే చూపిస్తాడు.

మా యూనివర్సిటీ వాళ్లనే అని ఏం లాభం, యూజీసీ 2018 నిబంధనల్లో దీనికి రేట్ల పట్టికే ఉంది. సైన్సుల్లో ఒక్కో పేపర్‌కి మూలంగా 8 పాయింట్లు, వాటి మీద అదనంగా ఇంపాక్ట్ ఫ్యాక్టర్ లేకపోతే 5, 1 లోపైతే 10, 1 నుంచి 2 మధ్య అయితే 15, 2 నుంచి 5 అయితే 20, 5 నుంచి 10 అయితే 25, ఆ పైన 30. ఈ అదనానికి సబ్జెక్టు ఏదైనా ఇదే రేటు. మన సగటు మ్యాథ్స్ మేడం ఒక్కరే కూర్చుని రాసిన పేపర్‌కి 8, 15 కలిపి 23. బయాలజీలో పది మంది కలిసి రాసిన పేపర్‌కి 8, 25 కలిపి 33, అందులో ముఖ్య రచయితకి 70 శాతం అంటే 23.1, మిగతా తొమ్మిది మందికీ తలా 30 శాతం అంటే 9.9. కూడితే ఒక్క పేపర్ నుంచి మొత్తం 112.2 పాయింట్లు పంచుకున్నారు. అదే నిబంధనల్లో ప్రొఫెసర్ పోస్టుకి అప్లై చేయాలంటే 120 కూడా ఉండాలి. ఏడాదికి ఆరు పేపర్ల మీద ఆరో పేరుగా ఉన్నాయన మూడేళ్లలో 178తో ఆ గీత దాటేస్తాడు. ఒంటరిగా రాసే మేడంకి 120 రావాలంటే ఆరు పేపర్లు కావాలి, మ్యాథ్స్‌లో ఒంటరిగా ఆరు మంచి పేపర్లంటే ఒక యవ్వనం.

ఈ పట్టిక పట్టుకుని కూర్చున్న కమిటీ ముందుకి సి.ఆర్.రావు గారు వస్తే ఎలా ఉంటుందా అని నాకు అప్పుడప్పుడూ అనిపిస్తుంది. అదేనండీ, ఆంధ్రా యూనివర్సిటీలో మ్యాథ్స్ చదివి కలకత్తా వెళ్లిన మన స్టాటిస్టిక్స్ మహానుభావుడు కల్యంపూడి రాధాకృష్ణ రావు గారు. 1945, పాతికేళ్లు నిండీ నిండని వయసు, చేతిలో ఒక పేపర్.

"కూర్చో నాయనా. ఏ జర్నల్ ఇది?"

"కలకత్తా మ్యాథమెటికల్ సొసైటీ బులెటిన్ అండీ."

"సొసైటీదా. ఇంపాక్ట్ ఫ్యాక్టర్?"

"అది ఇంకా పుట్టలేదండీ. దాని గురించి గార్ఫీల్డ్ గారు రాయడానికే ఇంకా పదేళ్లుంది."

"అవన్నీ మాకెందుకు బాబూ, లేదని రాయండి క్లర్కు గారూ, మూలం 8, పైన 5, మొత్తం 13 పాయింట్లు. కో-ఆథర్లు ఎవరు?"

"ఎవరూ లేరండీ."

"ఒక్కడివేనా? అంటే కొలాబరేషన్ సున్నా. ఇంటర్నేషనల్ నెట్‌వర్కింగ్ సున్నా. ఇంతకీ ఏముందిందులో?"

"డేటాలోంచి ఒక విలువని అంచనా కట్టేటప్పుడు ఎంత జాగ్రత్త పడ్డా, అంచనాలో పక్షపాతం లేకపోతే, తప్పు ఒక హద్దు కంటే కిందకి దిగదు అని అండీ. ఉన్న అంచనాని ఇంకా మెరుగు చేసే దారి కూడా ఒకటి ఉంది. చివర్లో కొంచెం జామెట్రీ."

"అంటే అప్లికేషన్ లేదన్నమాట. పక్క ల్యాబ్‌లో నానో వాళ్లున్నారు, వాళ్ల గ్రాఫులకి స్టాటిస్టిక్స్ చేసి పెట్టు, పేరు వేస్తారు, రెండేళ్లలో నీ హెచ్-ఇండెక్స్ లేస్తుంది. నెక్స్ట్!"

ఆ పేపర్లో ఆయన చెప్పిన హద్దే క్రామర్-రావు హద్దు, ఇంగ్లీషులో క్రామర్-రావు బౌండ్. అంచనాని మెరుగు చేసే దారి, అంటే రావు-బ్లాక్‌వెల్ సిద్ధాంతం, మొదలైందీ అందులోనే. ఆ జామెట్రీ మీద తర్వాత ఒక శాఖే లేచింది. 2023లో ఆయనకి స్టాటిస్టిక్స్‌లో అంతర్జాతీయ బహుమతి ఇస్తూ చూపించింది కూడా ఈ 13 పాయింట్ల పేపర్నే. పైగా ఇవాళ రాడార్ వాళ్లూ సిగ్నల్ ప్రాసెసింగ్ వాళ్లూ క్రామర్-రావు బౌండ్ అని పేరు రాస్తారు తప్ప చాలామంది 1945 పేపర్‌ని రిఫరెన్సుల్లో పెట్టరు, టెక్స్ట్‌బుక్కులోకి ఎక్కిపోయింది కదా. మనిషి పేరే మాటైపోయాక సైటేషన్ రాదు. అలా పోయినవాటికి ఏ షీట్‌లోనూ కాలమ్ లేదు.

ఇక అటు చివర చూడండి. 2015లో హిగ్స్ బోసాన్ అనే కణం బరువు మీద, సెర్న్‌లో కణాలని ఢీకొట్టే పెద్ద యంత్రం దగ్గర పనిచేసే అట్లాస్, సీఎంఎస్ ప్రయోగాల వాళ్లు కలిసి ఒక పేపర్ వేశారు, 33 పేజీలు, అందులో 24 పేజీలు పేర్లూ సంస్థలే, రచయితలు 5,154 మంది. వాళ్లనేమీ అనడం లేదు, అంత పెద్ద యంత్రానికి అంతమందీ కావాలి. కానీ హెచ్-ఇండెక్స్‌కి భాగహారం తెలియదు, ఆ పేపర్ సైటేషన్లన్నీ 5,154 మందికీ పూర్తిగా, విడివిడిగా జమ చేస్తుంది. పక్క గదిలో పెన్నూ పేపరూ పెట్టుకున్న థియరీ ఆయన కూడా ఫిజిక్సే, ఒకే డిపార్ట్‌మెంటే, ఒకే షీట్. సబ్జెక్టుల మధ్యే కాదు, ఒక సబ్జెక్టు లోపల కూడా ఇదే భాగోతం.

ఇప్పుడు ఆ సున్నా సారు దగ్గరికి వస్తాను, నవ్వలేను ఇక్కడ. ఆయన శాసనాలు చదువుతాడు. పొలంలో, గుడి వెనక, బండ మీద అరిగిపోయిన అక్షరాలు. చదివింది తెలుగులో పుస్తకంగా వేస్తాడు, వేరేవాళ్లు వాళ్ల తెలుగు పుస్తకాల్లో ఫుట్‌నోట్‌లో ఆయన పేరు రాసి వాడుకుంటారు. సైటేషన్లు లెక్కపెట్టే డేటాబేసుల్లో మన తెలుగు పత్రికలు దాదాపు ఉండవు, తెలుగు పుస్తకం చివరి ఫుట్‌నోట్‌ని చదివి లెక్కేసేవాడు ఎవడూ లేడు. సున్నా అన్నది ఆయన పని గురించి చెప్పట్లేదురా బాబూ, మీ యంత్రానికి తెలుగు రాదని చెప్తోంది! థర్మామీటర్ పెట్టి బరువు చూసి, సున్నా వచ్చింది, ఈయన లేడు అంటున్నారు. ఆ నవ్విన పెద్దమనిషి ఆయన పుస్తకం ఒక్క పేజీ తిప్పి ఉంటాడా? తెలుగు నేల మీది యూనివర్సిటీలో జీతం తీసుకుంటూ, తెలుగు శాసనం చదవగలిగినవాణ్ణి చూసి నవ్వడానికి సిగ్గుండాలి.

దీని ఫలితం ఇప్పటికే కనిపిస్తోంది. కొత్తగా చేరిన పిల్లలు శాసనాల వైపు, కష్టమైన మ్యాథ్స్ వైపు చూడరు, సైటేషన్లు పండే టాపిక్ ఏదో అడిగి అందులో దిగుతున్నారు. మ్యాథ్స్‌లోనైతే ఇంకా సులువు, సైటేషన్లే తక్కువ కాబట్టి పదిమంది కలిసి ఒకళ్లనొకళ్లు ఉదహరించుకుంటే చాలు, శిఖరాగ్రం. 2023లో క్లారివేట్ తన హైలీ సైటెడ్ లిస్టు నుంచి మ్యాథ్స్‌ని మొత్తంగా తీసేసింది. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అమ్ముకునే కంపెనీయే, గణితంలో మా లెక్కని తేలిగ్గా ఆడించేస్తున్నారు, మాకు నమ్మకం లేదు అని అప్పుడు అన్నాక కూడా, మా కమిటీ మాత్రం మ్యాథ్స్ మేడంని అదే లెక్కలో నిలబెట్టి 6 అంటోంది.

పరిష్కారం లేదా అంటే ఉంది, బ్రహ్మవిద్యేం కాదు. ఒక పేపర్‌కి వచ్చిన సైటేషన్లని, అదే ఏడాది అదే సబ్జెక్టులో వచ్చిన పేపర్ల సగటుతో భాగించండి. పైన వేసుకున్న లెక్కలో 24 వచ్చిన మ్యాథ్స్ పేపరూ 60 వచ్చిన బయాలజీ పేపరూ రెండూ 1 అవుతాయి. ఇదీ పూర్తిగా నిలవదు, ఏది ఏ సబ్జెక్టు అని గీత ఎక్కడ గీస్తారన్న దాన్నిబట్టి జవాబు మారుతుంది, తెలుగు శాఖకి అసలు పనికిరాదు, అక్కడ ఎవరో ఒకరు కూర్చుని పుస్తకం చదవాల్సిందే. ఈ మాట నేను కమిటీలో తెలిసినాయనతో అంటే, "అలా చేస్తే లిస్టు మారిపోతుంది కదండీ, ఇప్పటికే శాలువాకి ఆర్డర్ ఇచ్చేశాం" అన్నాడు.