‘రా’ అంటే రమ్మనా?

పరిచయం లేని మనిషికి పంపే మొదటి మెసేజ్‌లోనే "కాస్త లోకల్‌గా, మాస్‌గా మాట్లాడితే ఓకేనా?" అని అడిగేవాళ్లుంటారు. మంచి అలవాటే. చిక్కల్లా, ఆ ప్రశ్నని కూడా ఏదో ఒక యాసలో అడగాలి కదా!

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఓ కుర్రాడి మెసేజ్ చూడండి. లెక్కలు చూసే పెద్దమనిషికి పంపాడు: "హాయ్ బాస్! ఫార్మల్‌గా నా వల్ల కాదు మామా, ఫ్రీగా మాట్లాడుకుందామా?" అనుమతి అడగక ముందే ‘మామా’ అనేశాడు. చెప్పులేసుకుని నట్టింట్లోకి వచ్చి, సోఫాలో కూర్చుని, "లోపలికి రావచ్చా?" అన్నట్టుంది.

"పర్వాలేదండి" అని జవాబొచ్చింది. కుర్రాడు ‘పర్వాలేదు’ వరకే చదివాడు. అసలు జవాబు తోకలో ఉంది. పర్వాలేదనే మాట మర్యాద కొద్దీ ఎవరైనా అంటారు, ఆ ‘అండి’ మాత్రం "నేనిక్కడే ఉంటాను, నువ్వు కూడా అక్కడే ఉండు" అని చెబుతోంది. నిజంగా ఒప్పుకున్నవాడు తనూ ఒక మెట్టు దిగి "దానిదేముంది, కానీయ్" అంటాడు. "మీ ఇష్టం" అని వస్తే మాత్రం అది మన ఇష్టం కాదని అర్థం చేసుకోవాలి. వట్టి "ఓకే" అని వచ్చి పక్కన చుక్క కూడా పెట్టి ఉంటే, ఫోను పక్కన పెట్టి మంచినీళ్లు తాగడం మేలు.

తెలుగులో ఈ తంటా ఎందుకంటే, క్రియ చివర్లోనే ఎదుటివాడి హోదా బయటపడిపోతుంది. "ఉన్నావా" అంటే ఒకటి, "ఉన్నారా" అంటే ఇంకొకటి. మధ్యలో నిలబడే చోటు తక్కువ. అలాగని బొత్తిగా లేకపోలేదు. ‘మాట్లాడొచ్చా’, ‘ఇబ్బందేం లేదుగా’, ‘వీలవుతుందా’ లాంటి మాటల్లో నువ్వూ ఉండదు, మీరూ ఉండదు. మొదటి రెండు మూడు మెసేజ్‌లు ఈ గట్టు మీదే నడిపించి, అవతలివాళ్లు ఏ వైపు దిగుతారో చూసి, అప్పుడు అడగాలి. అడిగేది కూడా తేల్చి అడగాలి. ‘ఫ్రీగా’ అంటే ఒకడికి నవ్వు బొమ్మలు, ఇంకొకడికి బూతులు. "ఏకవచనంలో మాట్లాడుకుందామా?" అంటే అనుమానం ఉండదు. అయితే ‘నువ్వు’కి దొరికిన అనుమతి ‘రా’కి చెల్లదు. ‘రా’కి దొరికింది ‘బే’కి అసలే చెల్లదు. ఒక్కో మెట్టుకీ వేరే టికెట్టు కొనాలి. (ఆడవాళ్లని ‘రా’ అనొచ్చా అన్నది స్నేహితుల మధ్యే తెగని పంచాయితీ. మొదటి మెసేజ్‌లో దాని జోలికి పోకూడదు.)

మన కుర్రాడు ఒకే దూకులో మూడు మెట్లు దిగాడు. మర్నాడు ఫోన్లో మాట్లాడుకోవాల్సిన పని ఒకటుంది. "ఎన్నింటికండీ?" అని పెద్దమనిషి అడిగాడు. "పదింటికి రా" అని ఇతని జవాబు. "పదింటికిరా అబ్బాయ్" అని ముద్దుగా అన్నాననుకున్నాడు. నోటితో అంటే చిక్కు రాదు. పిలుపు ‘రా’ ముందు మాటకి అతుక్కుని తేలిగ్గా జారిపోతుంది, రమ్మనే ‘రా’ని సాగదీసి విడిగా పలుకుతాం. రాతలో ఆ తేడా చూపించేది మధ్యలో ఉన్న ఖాళీ ఒక్కటే. ఉండకూడని ఆ ఖాళీ కాస్తా కుర్రాడు పెట్టేశాడు.

పెద్దమనిషి పది గంటలకల్లా ఫైళ్లు చంకన పెట్టుకుని ఆఫీసు గుమ్మంలో నిలబడ్డాడు. పైగా ‘రండి’ అనకుండా ‘రా’ అన్నాడన్న మంట ఒకటి. కుర్రాడేమో ఇంట్లో మంచం మీద నుంచి ఫోన్ చేస్తున్నాడు.

దిద్దుబాటు ఇంకా ఘోరం. "అయ్యో, ‘రా’ అంటే రమ్మని కాదండీ" అని పంపాడు. "అంటే, రావద్దనా?" అని ఎదురు ప్రశ్న. మళ్లీ చనువుగా ఉంటే ఏమనుకుంటాడో అని వెంటనే ‘గారు’, ‘తమరు’ మొదలుపెట్టాడు. నిన్న మామా అన్నవాడు ఇవాళ తమరు అంటే ఎవరికైనా వెటకారంలాగే వినిపిస్తుంది. ఇలాంటప్పుడు మొదటి గట్టెక్కి, "పొరపాటైంది, ఇకమీద జాగ్రత్తగా ఉంటాను" అని ఒక్క వాక్యంతో ఊరుకుంటే సరిపోయేది.

సాయంత్రానికి పెద్దమనిషి చల్లబడ్డట్టున్నాడు. ఒక మెసేజ్ వచ్చింది: "సరేలే, రేపు పదింటికి రా."

కుర్రాడు దాన్ని నాలుగుసార్లు చదివాడు. ఖాళీ ఉందో లేదో తెర పెద్దది చేసి మరీ చూశాడు. ఎందుకైనా మంచిదని చొక్కా ఇస్త్రీ చేయించి పెట్టుకున్నాడు.