భూసేకరణ నోటీసు: చట్టం పదాలు ఉండనివ్వండి, వాక్యం మార్చండి

ఊరి మీదుగా రోడ్డు పడుతుందనో, కాలువ వస్తుందనో సంగతి ముందు నోటి మాటగా తెలుస్తుంది. కాగితం తర్వాత వస్తుంది. 2013 భూసేకరణ చట్టం కింద ఆ కాగితాలు చాలా ఉంటాయి. సెక్షన్ 11 కింద ప్రాథమిక నోటిఫికేషన్, సెక్షన్ 19 కింద డిక్లరేషన్, సెక్షన్ 21 కింద బహిరంగ నోటీసు, ఆ తర్వాత పరిహారం ఎంతో తేల్చే అవార్డు. ప్రాథమిక నోటిఫికేషన్ మీద 60 రోజుల్లో అభ్యంతరం చెప్పుకోవచ్చు. కానీ ఈ భూమి మీద ఎవరికి ఏ హక్కు ఉంది, ఎంత పరిహారం అడుగుతున్నారు అని జనాన్ని పిలిచి అడిగేది మాత్రం సెక్షన్ 21 నోటీసే. దాన్ని కలెక్టర్ వెబ్‌సైట్‌లో పెట్టాలి, భూమి దగ్గర గానీ ఆ చుట్టుపక్కల గానీ నలుగురికీ కనిపించే చోట ప్రకటించాలి. సర్కారు భాష గ్రాంథికంగా ఉండాలా, మామూలుగా ఉండాలా అన్న చర్చను గాల్లో చేయడం కంటే ఈ ఒక్క నోటీసు మీద చేస్తే ఉపయోగం.

ఆఫీసుల్లో తయారయ్యే నోటీసు ఇంచుమించు ఇలా ఉంటుంది. ఏ ఒక్క ఆఫీసుదో కాదు, నమూనాగా రాస్తున్నాను:

"ఇందుమూలముగా యావన్మందికి తెలియజేయడమేమనగా, దిగువ షెడ్యూలునందు వివరింపబడిన భూములు ప్రజాప్రయోజనము నిమిత్తము ప్రభుత్వము వారిచే స్వాధీనపరచుకొనుటకు ఉద్దేశింపబడినందున, సదరు భూములయందు హితము గల వ్యక్తులు స్వయముగా గాని, ఏజెంటు ద్వారా గాని, న్యాయవాది ద్వారా గాని దిగువ సంతకము చేసిన వారి యెదుట హాజరై, తమ హితము యొక్క స్వభావమును, నష్టపరిహారము నిమిత్తము తమ క్లెయిముల మొత్తమును, కొలతలపై ఆక్షేపణలు ఏవేని యున్నయెడల వానిని తెలుపవలసినదిగా కోరడమైనది."

ఇది చదివి చాలామంది 'ఇందుమూలముగా', 'యావన్మంది' అన్న మాటల మీద పడతారు. నిజానికి వాటివల్ల పెద్ద నష్టమేమీ లేదు. అవి తీసేసినా నోటీసు అర్థం కాదు, ఉంచినా ఎవరి భూమీ పోదు. అసలు చిక్కు వాక్యం కట్టిన తీరులో ఉంది. చట్టం ఇంగ్లిష్ పాఠంలో 'హాజరు కావాలి' అన్నది ముందే వచ్చేస్తుంది. ఎవరి ద్వారా, ఎక్కడ, ఏం చెప్పడానికి అన్నవి దాని వెనకాల ఒక్కొక్కటీ వస్తాయి. మన వాక్యంలో ప్రధాన క్రియ చివర ఉంటుంది. ఇంగ్లిష్ వాక్యాన్ని ముక్క చెదరకుండా తెలుగులోకి దించితే, చదివేవాడు భూములు, వ్యక్తులు, ఏజెంట్లు, హితాలు, క్లెయిములు అన్నీ మోసుకుంటూ చివరిదాకా వెళ్తే తప్ప తాను ఏం చేయాలో తెలియదు. వినేవాడి పని ఇంకా కష్టం. ఇలాంటి కాగితాల్లో చాలావాటిని పంచాయతీ ఆఫీసు దగ్గర ఒకరు పైకి చదివితే మిగతావాళ్లు వింటారు. ప్రాథమిక నోటిఫికేషన్ విషయంలోనైతే, దానికోసమే గ్రామసభ పెట్టి అందులో ఏముందో చెప్పాలని చట్టమే అంటోంది. అలా వినడానికి పనికిరాని వాక్యం సగం ఊరికి చేరనట్టే.

ఇక 'హితము గల వ్యక్తులు' సంగతి. ఈ మాట విన్న కౌలు రైతు అది తన గురించి కాదనుకుంటాడు, పట్టాదారు గురించి అనుకుంటాడు. చట్టం అలా అనుకోలేదు. సెక్షన్ 3లో ఈ మాటకిచ్చిన నిర్వచనంలో పరిహారంలో వాటా అడిగే ప్రతివారూ ఉన్నారు. రాష్ట్ర చట్టాల కింద కౌలు హక్కు ఉన్నవాళ్లున్నారు. ఏ పేరుతో పిలిచినా సరే, పాలుకు సాగు చేసేవాళ్లున్నారు. ఆ భూమిలోంచి దారి హక్కు లాంటివి ఉన్నవాళ్లున్నారు. ప్రధాన జీవనాధారం దెబ్బతినే వాళ్లు కూడా ఉన్నారు. ఇంత వెడల్పుగా తెరిచిన తలుపును ఒక్క గ్రాంథిక పదబంధం మూసేస్తోంది. నోటీసు మర్యాదగానే ఉంది, తప్పు ఒక్కటీ లేదు, కానీ రావాల్సిన మనిషి రాడు.

ఇదే నోటీసును నేను ఇలా రాస్తాను:

"ఈ కింది భూములను రోడ్డు వెడల్పు చేయడానికి ప్రభుత్వం స్వాధీనం చేసుకోబోతోంది (భూసేకరణ చట్టం 2013, సెక్షన్ 21). ఈ భూముల మీద ఏ హక్కు ఉన్నవారైనా పరిహారం, పునరావాసం కోసం క్లెయిము చేయవచ్చు. పట్టాదారులు, కౌలుదారులు, పాలుకు సాగు చేసేవారు, భూమి తాకట్టు మీద అప్పు ఇచ్చినవారు, దారి హక్కు ఉన్నవారు, ఈ భూమే ప్రధాన జీవనాధారంగా ఉన్నవారు ఇందులోకి వస్తారు. వీరే కాక, తమకు హక్కు ఉందనుకునే ఎవరైనా రావచ్చు. విచారణ జులై 20న ఉదయం 11 గంటలకు తహసీల్దారు కార్యాలయంలో జరుగుతుంది. క్లెయిము ఉన్నవారు స్వయంగా హాజరు కావాలి, లేదా ఏజెంటును గానీ వకీలును గానీ పంపాలి. ఏ హక్కుతో అడుగుతున్నారు, ఎంత అడుగుతున్నారు, ఆ లెక్క ఎలా వచ్చింది, కొలతల మీద అభ్యంతరం ఉందా అన్నవి చెప్పాలి."

ఇందులో నేను తీసేసినవాటి కంటే ఉంచినవి ఎక్కువ. 'క్లెయిము', 'పట్టాదారు', 'స్వాధీనం', 'పరిహారం', సెక్షన్ నంబరు అన్నీ ఉన్నాయి. తేలిక భాష అనగానే కొందరు అచ్చ తెలుగు వెతుకుతారు, ఇంకొందరు ఇంగ్లిష్ మాటలన్నిటికీ కొత్త పదాలు పుట్టిస్తారు. రెవెన్యూ భాష విషయంలో రెండూ దండగ. ఈ భాషలో సగం ఫారసీ, ఉర్దూల నుంచి వచ్చి ఎప్పుడో ఊళ్లో కలిసిపోయింది. పట్టా, దస్తావేజు, చలానా, శిస్తు, జమాబందీ లాంటి మాటలు బడి మొహం చూడని రైతుకీ తెలుసు. అవార్డును 'పరిహార నిర్ణయ ఉత్తర్వు' అంటే, అవార్డు కాపీ కోసం ఆఫీసు చుట్టూ తిరుగుతున్న మనిషికి అది వేరే కాగితమేమో అన్న అనుమానం వస్తుంది. నామవాచకాల జోలికి పోనక్కర్లేదు. మార్చాల్సింది క్రియలను.

క్రియల్లో కూడా మూడింటిని కలగాపులగం చేయకుండా ఉంటే చాలా మటుకు పని అయిపోతుంది: చేయవచ్చు, చేయాలి, చేయకూడదు. ఆఫీసు తెలుగులో ఈ మూడూ ఒకే మంచు ముసుగులో ఉంటాయి. 'హాజరు కాగలరు' అంటే రమ్మని మనవి చేస్తున్నారా, రాక తప్పదంటున్నారా? 'కోరడమైనది' అంటే కోరింది ఎవరు, మనం కాదంటే ఏమవుతుంది? క్లెయిము చేయడం జనం ఇష్టం, చేసేవాళ్లు ఆ రోజు వచ్చి చెప్పడం అవసరం, ప్రాథమిక నోటిఫికేషన్ తర్వాత ఆ భూమిని అమ్మడం సెక్షన్ 11(4) కింద నిషేధం (ప్రత్యేక పరిస్థితుల్లో కలెక్టర్ మినహాయింపు ఇస్తే తప్ప). మూడూ మూడు రకాల బరువున్న సంగతులు. 'కోరడమైనది' మూడింటినీ ఒకే తూకానికి తెస్తుంది.

అధికారుల వైపు వాదన కూడా కొట్టిపారేయదగ్గది కాదు. నోటీసు మీద ఎవరైనా హైకోర్టులో రిట్ వేస్తే, సంతకం పెట్టిన మనిషే జవాబు చెప్పుకోవాలి. కిందటి ఫైలులో నెగ్గిన మాటలు ఉండగా కొత్త మాటలతో టెన్షన్ ఎందుకు పెట్టుకోవాలి? అందుకే డ్రాఫ్టు రాసే సీనియర్ అసిస్టెంటు పాత నోటీసు తీసి సర్వే నంబర్లు, తేదీలు మార్చి పైకి పంపుతాడు. అతణ్ని తప్పుపట్టలేం. అయితే సెక్షన్ 21 అడిగేది విషయాలను: భూమి వివరాలు, చోటు, సమయం, నోటీసు వెలువడిన నాటి నుంచి 30 రోజులకు తక్కువ, 6 నెలలకు ఎక్కువ కాని తేదీ. ఈ విషయాలన్నీ ఉన్నాక, 'యున్నయెడల' బదులు 'ఉంటే' అని రాసినంత మాత్రాన నోటీసు చెల్లదనడానికి నాకు కారణం కనిపించదు.

కానీ వాడుక భాషలో రాయబోయి నిజంగానే దెబ్బతినే చోట్లు కొన్నున్నాయి. ఒకటి, 'మీ భూమి' అనడం. పాఠకుణ్ని నేరుగా పలకరించమని తేలిక భాష గురించి చెప్పేవాళ్లంతా సలహా ఇస్తారు. నీటి బిల్లుకు అది సరే. భూమి నోటీసులో అదే మాట ప్రమాదం. అది అసైన్డ్ భూమి కావచ్చు, ఇనాం తగాదాలో ఉండవచ్చు, అన్నదమ్ముల మధ్య కోర్టులో ఉండవచ్చు. సర్కారే 'మీ భూమి' అని రాసిస్తే ఒక పక్షంవారు ఆ కాగితాన్నే కోర్టులో చూపిస్తారు. అందుకే పై నమూనాలో 'ఈ భూములు', 'హక్కు ఉందనుకునే ఎవరైనా' అని రాశాను. అలాగే 'పరిహారం ఇస్తాం' అనకూడదు, 'క్లెయిము చేయవచ్చు' అనాలి. ఎవరికి ఎంత అన్నది విచారణ తర్వాత తేలుతుంది. పంపకంలో తగాదా ఉంటే డబ్బు ఆ తగాదా తేల్చే అథారిటీ దగ్గర డిపాజిట్ అవుతుంది.

రెండోది గడువు. '20వ తేదీ లోపు' అంటే 20 కలిసిందా, లేదా? మాటల్లో ఇద్దరూ సర్దుకుపోతారు, కాగితం మీద సర్దుబాటు ఉండదు. '20వ తేదీ సాయంత్రం 5 గంటల వరకు' అని రాస్తే గొడవ లేదు. '60 రోజులలోగా' అని వదిలేయడం ఇంకా అన్యాయం. గెజిట్ ఒక రోజు, పేపరు ఒక రోజు, పంచాయతీ బోర్డు ఇంకో రోజు అయితే రైతు ఎక్కణ్నుంచి లెక్కపెట్టాలి? ఆ లెక్క ఆఫీసే కట్టి, తేదీ వేయాలి.

షెడ్యూలు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే జనం మొదట చూసేది అదే. అక్కడ భాష లేదు, అంకెలే కదా అనుకుంటాం. ఆంధ్రలో 2-15 అంటే రెండెకరాల పదిహేను సెంట్లు. తెలంగాణలో అదే అంకె రెండెకరాల పదిహేను గుంటలు. ఎకరానికి 40 గుంటలు కాబట్టి, ఆ పదిహేను గుంటలు ముప్ఫై ఏడున్నర సెంట్లకు సమానం. సరిహద్దు మండలాల్లో అటువాళ్లకు ఇటు, ఇటువాళ్లకు అటు భూములుంటాయి. ఇక హెక్టార్లలో మాత్రమే రాస్తే ఎవరికీ తట్టదు. కొలతల మీద అభ్యంతరం చెప్పమని అడుగుతూ, ఆ కొలతను ఊరివాళ్లు వాడే లెక్కలో రాయకపోతే అడిగి ఏం లాభం? హెక్టార్ల పక్కనే 'ఎకరాలు, సెంట్లు' అనో 'ఎకరాలు, గుంటలు' అనో మాటల్లో రాస్తే సరిపోతుంది.

మాండలికం మాటకొస్తే, వాడుక భాష అంటే ఎవరి వాడుక అని ఎప్పుడూ ఒక ప్రశ్న వస్తుంది. నోటీసు వరకు అది పెద్ద చిక్కు కాదు. రెండు రాష్ట్రాల్లోనూ జనం రోజూ చదివే పేపరు తెలుగు ఉంది, వాక్య నిర్మాణానికి అది చాలు. పదాలు మాత్రం జిల్లాను బట్టి మారాలి. అడంగల్ అనేచోట అడంగల్, పహాణీ అనేచోట పహాణీ.

మధ్యేమార్గంగా కొందరు రెండు పాఠాలు వేయమంటారు: పైన తేలిక భాషలో సారాంశం, కింద చట్టం భాషలో అసలు నోటీసు. చూడటానికి బాగానే ఉంటుంది. కానీ రెండింటికీ తేడా వస్తే ఏది చెల్లుతుందన్న ప్రశ్నకు ఆఫీసు 'కిందదే' అని రాసుకుంటుంది. అప్పుడు జనం చదివేది చెల్లని పాఠం, చెల్లే పాఠం జనం చదవనిది. దానికి తోడు, సారాంశం రాసే పని చివర్లో హడావిడిగా ఎవరో ఒకరి మీద పడుతుంది, కౌలుదారుల మాట అందులోంచి కూడా ఎగిరిపోతుంది. సెక్షన్ 21 నోటీసుకు ఒక్కటే పాఠం ఉండాలి. సంతకానికి ముందు ప్రభుత్వ ప్లీడర్ దాన్ని ఒకసారి చూడాలి. ఆ తర్వాత, ఆ ఫైలు ముట్టుకోని మనిషి ఒకరు దాన్ని పైకి చదవాలి. విన్నవాళ్లు ఎవరు రావాలో, ఎప్పుడు రావాలో, ఏం పట్టుకు రావాలో చెప్పలేకపోతే డ్రాఫ్టు మళ్లీ రాసినవాళ్ల దగ్గరికే తిరిగి వెళ్లాలి.