పీటీ, ఏపీటీటీ చెప్పేది పరీక్షనాళికలో జరిగిన సంగతి

“రక్తం గడ్డకట్టడానికి శరీరంలో రెండు వేర్వేరు దారులున్నాయి. పీటీ బయటి దారిని, ఏపీటీటీ లోపలి దారిని కొలుస్తాయి. ఏ పరీక్షలో సెకన్లు పెరిగితే ఆ దారి దెబ్బతిన్నట్టు, ఆ మనిషికి రక్తస్రావం తప్పనట్టు. రెండూ మామూలుగా ఉంటే ఆపరేషన్‌కు భయం లేదు.”

పరీక్షలకు చదివే వైద్య విద్యార్థుల మధ్య ఈ నాలుగు వాక్యాలు చేతులు మారుతూనే ఉంటాయి. పీటీ అంటే ప్రోత్రాంబిన్ టైమ్, ఏపీటీటీ అంటే యాక్టివేటెడ్ పార్షియల్ థ్రాంబోప్లాస్టిన్ టైమ్. రెండూ ప్లాస్మా గడ్డకట్టడానికి పట్టే సెకన్లను లెక్కపెట్టే పరీక్షలు. వీటిలో కొంత నిజం ఉంది కాబట్టే తప్పు ఎక్కడుందో వెంటనే కనిపించదు.

ముందుగా దారుల సంగతి చూద్దాం. రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్రొటీన్లను ఫ్యాక్టర్లంటారు, వాటికి అంకెలుంటాయి. ఒక ఫ్యాక్టర్ తర్వాతి ఫ్యాక్టర్‌ను ఉత్తేజపరుస్తూ పోయే ఈ వరుసను 1964లో మాక్‌ఫర్లేన్ ఒక పక్క, డేవీ, రాట్నాఫ్ మరొక పక్క విడివిడిగా ప్రతిపాదించారు. మనం బట్టీ పట్టే బొమ్మకు మూలం అదే. పరీక్షనాళికలో జరిగే దాన్ని ఆ బొమ్మ చక్కగా వివరిస్తుంది, కానీ శరీరంలో జరిగేది అలా రెండుగా చీలి ఉండదు.

పీటీ ఎలా చేస్తారో చూస్తే ఇది తేటపడుతుంది. సిట్రేట్ కలిపిన రక్తం నుంచి ప్లాస్మాను వేరుచేసి, 37 డిగ్రీల వేడిలో ఉంచి, అందులో రక్తనాళం వెలుపలి కణజాలంలో ఉండే టిష్యూ ఫ్యాక్టర్, ఫాస్ఫోలిపిడ్ అనే కొవ్వు, కాల్షియం కలుపుతారు. చేత్తో చేసేటప్పుడు నాళికను వెలుతురులో వంచి చూస్తుంటే, పన్నెండో సెకను దగ్గర గడ్డను అల్లే పల్చటి ఫైబ్రిన్ పోగు కనిపించి ద్రవం కదలిక ఆగిపోతుంది. ఇంత త్వరగా గడ్డకట్టడానికి కారణం మనం పోసిన టిష్యూ ఫ్యాక్టర్ చాలా ఎక్కువగా ఉండటమే. అది 7వ ఫ్యాక్టర్‌తో కలిసి నేరుగా 10వ ఫ్యాక్టర్‌ను ఉత్తేజపరుస్తుంది కనుక, 8, 9 ఫ్యాక్టర్ల అవసరమే రాదు. గాయమైన చోట మాత్రం టిష్యూ ఫ్యాక్టర్ కొద్దిగానే ఉంటుంది, దాన్ని అణచివేసే నిరోధకం కూడా వెంటనే పనిలోకి దిగుతుంది. ఆలోగా తయారయ్యే థ్రాంబిన్, అంటే ఫైబ్రిన్‌ను పుట్టించే ఎంజైమ్, చాలా తక్కువ. అయితే ఆ టిష్యూ ఫ్యాక్టర్, 7వ ఫ్యాక్టర్ జంటే 9వ ఫ్యాక్టర్‌ను కూడా ఉత్తేజపరుస్తుంది, పుట్టిన కొద్దిపాటి థ్రాంబిన్ 5, 8, 11 ఫ్యాక్టర్లను మేల్కొలుపుతుంది, అక్కడి నుంచి ప్లేట్‌లెట్ల ఉపరితలం మీద అసలైన థ్రాంబిన్ వరద మొదలవుతుంది. అంటే “బయటి దారి” మొదలుపెట్టిన పనిని “లోపలి దారి” పెంచి పూర్తిచేస్తుంది. 8వ లేదా 9వ ఫ్యాక్టర్ లోపించిన హీమోఫీలియా రోగికి పీటీ పూర్తిగా మామూలుగా వచ్చినా కీళ్లలోకి రక్తం దిగడానికి కారణం ఇదే. రెండు దారులూ నిజంగా వేర్వేరైతే, ఒకటి మూతపడినా రెండోది ఆదుకోవాల్సింది.

ఇక సెకన్లు పెరిగితే రక్తస్రావం తప్పదన్న మాట. నా దృష్టిలో అన్నిటికంటే హాని చేసేది ఇదే కాబట్టి దీని దగ్గర కాసేపు ఆగాలి.

ఏపీటీటీలో టిష్యూ ఫ్యాక్టర్ వేయరు. ఫాస్ఫోలిపిడ్‌తో పాటు కేయొలిన్, సిలికా వంటి ఋణావేశం గల పొడిని కలిపి, కాల్షియం లేకుండా కొన్ని నిమిషాలు ఉంచుతారు. ఆ పొడి ఉపరితలం మీద 12వ ఫ్యాక్టర్ ఉత్తేజితమై 11వ దాన్ని ఉత్తేజపరుస్తుంది. 9వ ఫ్యాక్టర్ దగ్గరికి వచ్చేసరికి కాల్షియం కావాలి కనుక కథ అక్కడ ఆగి ఉంటుంది. కాల్షియం క్లోరైడ్ పోసిన క్షణం నుంచి సెకన్లు లెక్కపెడతారు, సాధారణంగా 25 నుంచి 35 మధ్య గడ్డకడుతుంది. ఇక్కడ గమనించాల్సింది ఏమిటంటే, 12వ ఫ్యాక్టర్‌ను మేల్కొలిపింది మనం వేసిన పొడే. గాయమైన చోట రక్తం ఆగడానికి ఆ ఫ్యాక్టర్ అవసరం లేదు. అది లోపించినట్టు 1955లో రాట్నాఫ్ బృందం వివరించిన జాన్ హేగ్‌మన్‌కు నాళికలో రక్తం ఎంతసేపటికీ గడ్డకట్టేది కాదు, కానీ ఆయనకు రక్తస్రావపు చరిత్ర లేదు. 1968లో ఆయన చనిపోయింది ఊపిరితిత్తుల రక్తనాళంలో గడ్డ అడ్డుపడి.

ఒక ఉదాహరణ వేసుకుందాం. టాన్సిల్ ఆపరేషన్‌కు ముందు ఏడేళ్ల పిల్లలిద్దరికి పరీక్ష చేశారనుకోండి. ఇద్దరికీ పీటీ 12 సెకన్లు, ఏపీటీటీ 72. మొదటి పిల్లవాడికి పాలపళ్లు ఊడినప్పుడు రక్తం మామూలుగానే ఆగింది. రెండోవాడికి పడిన ప్రతిసారీ మోకాలు వాస్తుంది. ముందు నమూనా సరిగ్గా ఉందో లేదో చూడాలి. తొమ్మిది పాళ్ల రక్తానికి ఒక పాలు సిట్రేట్ ఉండాల్సిన గొట్టం సగమే నిండితే, మిగిలిపోయిన సిట్రేట్ పరీక్షలో పోసే కాల్షియంను పట్టేసి సెకన్లు పెంచుతుంది. హెపారిన్ ఎక్కిన గొట్టం నుంచి రక్తం తీసినా అంతే.

నమూనా బాగానే ఉంటే, రోగి ప్లాస్మాకు సమపాళ్లలో ఆరోగ్యవంతుల ప్లాస్మా కలిపి మళ్లీ చూస్తారు. లోపం ఏదైనా ఒక ఫ్యాక్టర్‌దే అయితే, కలిపిన దానిలో అది కనీసం సగానికి చేరుతుంది, ఏపీటీటీ మామూలు కావడానికి ఆ సగం చాలు. మన పిల్లల్లో ఒకరికి 33, మరొకరికి 34 వచ్చింది. 8వ ఫ్యాక్టర్‌ను అడ్డుకునే యాంటీబాడీ నెమ్మదిగా పనిచేస్తుంది కనుక, మిశ్రమాన్ని 37 డిగ్రీల వద్ద రెండు గంటలు ఉంచి మళ్లీ చూశారు, సెకన్లు పెరగలేదు. కాబట్టి ఇద్దరిదీ లోపమే. ఫ్యాక్టర్లను విడివిడిగా కొలిస్తే మొదటివాడికి 8, 9, 11 సరిపడా ఉన్నాయి, 12 మాత్రం 4 శాతం. రెండోవాడికి 8వది 3 శాతం, అంటే మధ్యస్థాయి హీమోఫీలియా ఎ. మొదటివాడి ఆపరేషన్‌కు దీని కోసం ప్లాస్మా ఎక్కించనక్కర లేదు. రెండోవాడికి కత్తి పెట్టేముందే 8వ ఫ్యాక్టర్ ఇచ్చి పెంచాలి. 72 అన్న అంకె ఒక్కటే, దాని వెనకున్న రెండు జీవితాలు వేరు. వాటిని మొదట వేరుచేసి చూపింది పాలపళ్ల కథ, మోకాళ్ల వాపు. ప్రయోగశాల ఆ తర్వాతే వస్తుంది.

మిశ్రమంలో కూడా సెకన్లు తగ్గకపోతే నిరోధకం ఉన్నట్టు అనుమానించాలి. లూపస్ యాంటీకోయాగ్యులెంట్ అలాంటిదే. అది నాళికలోని ఫాస్ఫోలిపిడ్‌కు అడ్డుపడి ఏపీటీటీని పెంచుతుంది, శరీరంలో మాత్రం రక్తనాళాల్లో గడ్డలు కట్టే ముప్పు తెస్తుంది. సెకన్లు పెరిగాయని ఆ రోగికి రక్తం పలచనయ్యిందని అనుకుంటే, వైద్యం తలకిందులవుతుంది.

ఆపరేషన్‌కు భయం లేదన్న చివరి మాటకు పెద్ద చర్చ అక్కర్లేదు. రెండు పరీక్షలూ ప్లేట్‌లెట్లను తీసివేసిన ప్లాస్మాలో జరుగుతాయి, కాబట్టి ప్లేట్‌లెట్ల లోపాలు వాటికి కనిపించవు. 8వ ఫ్యాక్టర్‌ను మోసే ప్రొటీన్ లోపించే వాన్ విల్లిబ్రాండ్ వ్యాధిలో ఆ ఫ్యాక్టర్ బాగా తగ్గితే తప్ప ఏపీటీటీ కదలదు. స్వల్ప హీమోఫీలియా కూడా కొన్నిసార్లు దాటిపోతుంది. అన్నిటికన్నా స్పష్టమైన ఉదాహరణ 13వ ఫ్యాక్టర్. ఫైబ్రిన్ పోగులను ఒకదానితో ఒకటి బిగించి కట్టేది అదే, కానీ మన గడియారం మొదటి పోగు కనిపించగానే ఆగిపోతుంది. ఆ ఫ్యాక్టర్ లేని పసికందుకు పీటీ, ఏపీటీటీ రెండూ మామూలుగా వస్తాయి, బొడ్డు దగ్గర మాత్రం రక్తం కారుతూనే ఉంటుంది. ఆ బిడ్డ ప్లాస్మాలో కట్టిన గడ్డను గాఢమైన యూరియా ద్రావణంలో వేసి ఉంచితే కరిగిపోతుంది, మామూలు గడ్డ అలాగే నిలుస్తుంది.