ఆ 'ఒక మెగ్' రెసిస్టర్ ఎవరు పెట్టమన్నారు?

మొన్న మా జూనియర్ ఒక బోర్డు పట్టుకొచ్చాడు. పనేమీ పెద్దది కాదు. పెట్టెలో వేడి 40 డిగ్రీలు దాటితే ఫ్యాన్ తిరగాలి, 38కి దిగితే ఆగాలి. వేడిని బట్టి నిరోధం మారే థర్మిస్టర్, రెండు వోల్టేజ్‌లని పోల్చి అవుట్‌పుట్ మార్చే LM393 కంపారేటర్, ఒక రిలే, అంతే. కానీ 40 దగ్గరికి వచ్చేసరికి రిలే టకటకా కొట్టుకుంటోంది. "హిస్టరీసిస్ పెట్టాను అన్నా, అయినా ఇలాగే ఉంది" అన్నాడు. ఆన్ అయ్యే హద్దుకీ ఆఫ్ అయ్యే హద్దుకీ, అంటే రెండు త్రెషోల్డ్‌లకీ మధ్య వదిలే ఎడమే హిస్టరీసిస్. ఎంత పెట్టావని అడిగితే "ఒక మెగ్" అన్నాడు.

నాకు ఒళ్లు మండేది ఇక్కడే. నేనడిగింది హిస్టరీసిస్ ఎన్ని మిల్లీవోల్ట్‌లని. వాడు చెప్పింది ఆ ఎడం కోసం అవుట్‌పుట్ నుంచి ప్లస్ పిన్‌కి వేసే ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్ విలువ, పది లక్షల ఓమ్‌లు. ఆ ఒక మెగ్ ఎక్కడి నుంచి వచ్చిందంటే, ఇంకో సర్క్యూట్‌లో ఉందట. ఆ సర్క్యూట్‌లో వాళ్లు ఏ సెన్సర్ వాడారో, నాయిస్ ఎంతో, లోడ్ ఏమిటో ఎవరికీ తెలీదు. పక్కింటివాళ్ల కళ్లజోడు తెచ్చి పెట్టుకున్నట్టు ఉంది యవ్వారం.

సరే, మొదటి నుంచి లెక్క వేద్దాం కూర్చోమన్నాను. ఆ లెక్కే ఇక్కడ రాస్తున్నాను.

థర్మిస్టర్ 25 డిగ్రీల దగ్గర 10 కిలోఓమ్‌లు, బీటా 3950. పైన 10 కిలోఓమ్‌ల రెసిస్టర్, కింద థర్మిస్టర్, సప్లై 5 వోల్ట్‌లు. 40 డిగ్రీల దగ్గర థర్మిస్టర్ 5.3 కిలోఓమ్‌లకి దిగుతుంది, కంపారేటర్ మైనస్ పిన్‌కి వెళ్లే మధ్య బిందువు దగ్గర 1.732 వోల్ట్‌లు వస్తాయి. 38 దగ్గర అదే 1.825. అంటే ఆ చుట్టుపక్కల డిగ్రీకి దాదాపు 46 మిల్లీవోల్ట్‌లు. ఈ 46 అన్న అంకె చేతిలో లేకుండా హిస్టరీసిస్ గురించి మాట్లాడటం దండగ. నాయిస్‌ని కొలిచేది మిల్లీవోల్ట్‌లలో, మనకి కావలసింది డిగ్రీలలో. రెండింటికీ వంతెన ఇదొక్కటే.

ఇప్పుడు నెమ్మదిగా కదిలే సిగ్నల్‌తో ఉండే అసలు తంటా చూడండి. ఈ పెట్టె నిమిషానికి అర డిగ్రీ చొప్పున వేడెక్కుతోంది. అంటే పిన్ దగ్గర వోల్టేజ్ నిమిషానికి 23 మిల్లీవోల్ట్‌లు జరుగుతుంది. స్కోప్‌లో చూస్తే పిన్ మీద పైనుంచి కిందికి 20 మిల్లీవోల్ట్‌ల నాయిస్ ఉంది, ఎక్కువ భాగం కరెంటు లైన్ నుంచి వచ్చే 50 హెర్ట్జ్ హమ్. ఆ 20 మిల్లీవోల్ట్‌ల పట్టీ మొత్తం త్రెషోల్డ్ గీతని దాటడానికి 50 సెకన్లకి పైనే పడుతుంది. హిస్టరీసిస్ లేకపోతే ఆ 50 సెకన్లలో హమ్ ఆ గీతని ఓ రెండున్నర వేల సార్లు అటూ ఇటూ దాటుతుంది. ఇదే సిగ్నల్ మిల్లీసెకన్‌లో దూకేదైతే ఇంత నాయిస్ ఉన్నా ఎవరూ పట్టించుకోరు. సెన్సర్ నెమ్మదైనదే కదా, నాయిస్ ఏం చేస్తుందిలే అనుకుంటారు. నిజానికి నెమ్మది కాబట్టే నాయిస్‌కి అంత తీరిక దొరుకుతోంది.

ఇందులోంచే ఇంకో సంగతి. నాయిస్ అంతా హమ్ కాదు, యాదృచ్ఛికంగా ఎగిరేది కూడా ఉంటుంది. దాని ఆర్ఎంఎస్ విలువని 6.6తో గుణిస్తే 99.9 శాతం సమయాన్ని కవర్ చేసే వెడల్పు వస్తుందని పుస్తకాల్లో ఉంటుంది. మిగిలిన వెయ్యిలో ఒకటో వంతు మాటేమిటి? వేగంగా దాటే సిగ్నల్‌కి దాంతో పని లేదు. గీత మీద నిమిషం పాటు కూర్చునే సిగ్నల్‌కి ఆ వెయ్యిలో ఒకటి కూడా కచ్చితంగా వచ్చి తగులుతుంది. అందుకే స్కోప్ మీద రెండు సెకన్లు చూసి అంకె రాసుకోకండి. పర్‌సిస్టెన్స్ ఆన్ చేసి, పాత గీతలు తెర మీద చెరిగిపోకుండా ఉండేలా పది నిమిషాలు వదిలేసి, అప్పుడు ఆ మచ్చ ఎంత మందంగా ఉందో చూడండి. అదీ కంపారేటర్ పిన్ మీదే ప్రోబ్ పెట్టి. సెన్సర్ దగ్గర కొలిస్తే మధ్యలో వైరు ఏరుకొచ్చే చెత్త లెక్కలోకి రాదు.

వాడి బోర్డులో ఆ ఒక మెగ్ ఇచ్చే హిస్టరీసిస్ లెక్క వేశాం. 38 మిల్లీవోల్ట్‌లు వచ్చింది. నాయిస్ 20. మరి 20 కంటే 38 ఎక్కువే కదా, ఎందుకు కొట్టుకుంటోంది? వాడి మొహంలో ఆ ప్రశ్న చూసి కాస్త సంతోషపడ్డాను, ఒప్పుకుంటాను.

ఫ్యాన్ తీసేసి దాని స్థానంలో ఒక ఎల్ఈడీ పెట్టించాను. రిలే ఒక్కసారి టక్కుమని నోరుమూసుకుంది. మళ్లీ ఫ్యాన్ కలిపితే మళ్లీ టకటక. పైగా ఆ కొట్టుకోవడం నాయిస్‌లా అడ్డదిడ్డంగా లేదు, తాళం వేసినట్టు ఒకే లయలో ఉంది. ఈ గుర్తు గుర్తుపెట్టుకోండి. లయ తప్పకుండా కొట్టుకుంటోందంటే బయటి నాయిస్ కాదు, మన అవుట్‌పుట్టే తిరిగొచ్చి మన ఇన్‌పుట్‌ని తోస్తోంది.

ఏం జరుగుతోందంటే, ఫ్యాన్ తిరిగేటప్పుడు 0.75 ఆంపియర్లు తీసుకుంటుంది. ఆ కరెంట్ గ్రౌండ్ తీగలోంచి తిరిగి వెళ్లాలి. థర్మిస్టర్ కింది కాలు కూడా అదే తీగకి, ఫ్యాన్ వైపు చివర్లో కలిపి ఉంది. ఆ ముక్క నిరోధం 50 మిల్లీఓమ్‌లే. అయినా దాని మీద 37 మిల్లీవోల్ట్‌లు పడుతున్నాయి, అంటే థర్మిస్టర్ కాలు అంత పైకి లేస్తోంది. డివైడర్ గుండా పిన్ దగ్గరికి వచ్చేసరికి అది 25 మిల్లీవోల్ట్‌ల మెట్టు. వేడి పెరిగితే ఈ పిన్ వోల్టేజ్ తగ్గాలి. ఫ్యాన్ ఆన్ అయిన క్షణంలో అది 25 పెరిగింది. అంటే కంపారేటర్ కంటికి పెట్టె అర డిగ్రీకి పైగా చల్లబడిపోయినట్టే. దీనికి తోడు ఫ్యాన్ తిరుగుతుంటే నాయిస్ కూడా 20 నుంచి 35 అయింది. 35, 25 కలిపితే 60. ఉన్న హిస్టరీసిస్ 38. ఇంకేం, ఆన్ అవడం, చల్లబడిందనుకుని ఆఫ్ అవడం, మెట్టు దిగడం, మళ్లీ ఆన్.

కాబట్టి హిస్టరీసిస్ కనీసం ఎంత ఉండాలన్న లెక్క ఇది: లోడ్ పనిచేస్తుండగా పిన్ మీద కొలిచిన నాయిస్ మొత్తం వెడల్పు, దానికి తోడు లోడ్ మారినప్పుడు పడే మెట్టు. సగం వెడల్పు కాదు, మొత్తం. నాయిస్ అట్టడుగున ఉన్నప్పుడు మొదటిసారి స్విచ్ అవుతుంది, శిఖరానికి వెళ్లినప్పుడు వెనక్కి పడకూడదు. చాలామంది సగమే తీసుకుని బోల్తా పడతారు.

"అయితే థర్మిస్టర్ మీద ఒక కెపాసిటర్ వేసేస్తే సరిపోదా అన్నా?" అన్నాడు. వేయి, తప్పేం లేదు. 10 మైక్రోఫారడ్ వేస్తే టైమ్ కాన్‌స్టంట్ 35 మిల్లీసెకన్లు, 50 హెర్ట్జ్ హమ్ దాదాపు పదకొండో వంతుకి పడిపోతుంది. నిమిషాల్లో కదిలే సిగ్నల్‌కి దాని వల్ల నష్టం లేదు. కానీ ఆ 25 మిల్లీవోల్ట్‌ల మెట్టు ఫ్యాన్ తిరిగినంతసేపూ అలాగే ఉంటుంది. నిలబడిపోయిన మెట్టుని ఫిల్టర్ ఏం చేయగలదు? కాసేపు ఆలస్యం చేస్తుంది, అంతే. టకటక కాస్తా టక్... టక్... అవుతుంది. దానికి మందు వైరింగ్‌లో ఉంది: థర్మిస్టర్ గ్రౌండ్‌ని విడిగా తీసుకొచ్చి కంపారేటర్ గ్రౌండ్ దగ్గరే కలపాలి.

ఇంకో పైత్యం, వాడు అప్పటికే ఒక కెపాసిటర్‌ని ప్లస్ పిన్ మీద, అంటే ఫీడ్‌బ్యాక్ వచ్చే రిఫరెన్స్ పిన్ మీద వేసి ఉన్నాడు, "రిఫరెన్స్ శుభ్రంగా ఉంటుందని". 100 నానోఫారడ్. అవుట్‌పుట్ మారగానే త్రెషోల్డ్ పక్కకి దూకాలి, హిస్టరీసిస్ అంటేనే అది. కెపాసిటర్ ఉంటే దూకకుండా మిల్లీసెకన్ దాకా పాక్కుంటూ వెళ్తుంది. ఆ సందులో నాయిస్ ఆడుకుంటుంది. స్కోప్‌లో అవుట్‌పుట్ అంచు దగ్గర సన్నటి గడ్డి మొలిచినట్టు కనిపిస్తే ముందు ఈ పిన్ చూడండి.

ఇక పై హద్దు. ఇది నాయిస్ చెప్పదు, పని చెబుతుంది. ఇక్కడ 2 డిగ్రీల తేడా ఫర్వాలేదన్నారు కాబట్టి 93 మిల్లీవోల్ట్‌ల వరకు వెళ్లొచ్చు. కనీసం కావలసింది 60, ఒకటిన్నర రెట్లు వేసుకుంటే 90. హాయిగా ఇమిడింది. అదే తేడా 0.3 డిగ్రీలకి మించకూడదని ఉంటే చేతిలో ఉండేది 14 మిల్లీవోల్ట్‌లే. అప్పుడు రెసిస్టర్లతో కుస్తీ పట్టి లాభం లేదు, ముందు వైరింగ్, ఫిల్టర్ బాగుచేసి నాయిస్‌ని దించాల్సిందే.

రెసిస్టర్లు ఆఖరున. రిఫరెన్స్ డివైడర్‌లో పైది R1, కిందది R2, అవుట్‌పుట్ పై వోల్టేజ్ Voh, కింది వోల్టేజ్ Vol, హిస్టరీసిస్ Vh, అవుట్‌పుట్ నుంచి ప్లస్ పిన్‌కి R3:

```
Rth = R1*R2/(R1+R2)
Vh  = (Voh - Vol)*Rth/(Rth + R3)
```

R1 22 కిలోఓమ్‌లు, R2 12, R3 390 పెడితే, అవుట్‌పుట్ 0.1 నుంచి 5 వోల్ట్‌ల దాకా ఊగుతుందనుకుంటే, కింది త్రెషోల్డ్ 1.732, పైది 1.828. అంటే 40 దగ్గర ఆన్, 37.9 దగ్గర ఆఫ్. R3ని మార్చితే వెడల్పు ఒక్కటే మారదు, రెండు త్రెషోల్డ్‌లూ జరుగుతాయి. ఇదే డివైడర్‌తో 100 కిలోఓమ్‌లు పెట్టి చూడండి: 42 దగ్గర ఆన్, 34.5 దగ్గర ఆఫ్. "కొట్టుకుంటోంది, R3 తగ్గించేద్దాం" అని గుడ్డిగా తగ్గించేవాళ్లకి దక్కేది ఇదే.

ఆ 5 వోల్ట్‌లు కూడా నిజంగా వస్తున్నాయో లేదో చూసుకోండి. LM393 అవుట్‌పుట్ ఓపెన్ కలెక్టర్, అది కిందికి మాత్రమే లాగగలదు, పైకి లాగేది పుల్-అప్ రెసిస్టరే. 4.7 కిలోఓమ్‌ల పుల్-అప్ పెట్టి, అక్కడి నుంచి 10 కిలోఓమ్‌లతో ట్రాన్సిస్టర్ బేస్ నడిపితే అవుట్‌పుట్ 3.6 దగ్గరే ఆగిపోతుంది. హిస్టరీసిస్‌లో పావు వంతుకి పైగా చెప్పాపెట్టకుండా మాయం. నేనైతే మాస్‌ఫెట్ గేటు నడుపుతాను, దానికి నిలకడ కరెంట్ అక్కర్లేదు.

మా వాడు గ్రౌండ్ తీగ మార్చాడు, ప్లస్ పిన్ మీది కెపాసిటర్ తీసేసి థర్మిస్టర్ మీద 10 మైక్రోఫారడ్ వేశాడు, 390 పెట్టాడు. రాత్రంతా అవుట్‌పుట్ అంచుల్ని కౌంటర్‌తో లెక్కపెట్టాం. వేడెక్కినప్పుడు ఒకటి, చల్లబడినప్పుడు ఒకటి, అంతకు మించి లేవు. పొద్దున్నే వచ్చి, 38కి బదులు 37.9 దగ్గర ఆగుతోంది, ఆ 0.1 కూడా సరిచేద్దామా అన్నాడు. వాడు కొన్న థర్మిస్టర్ 5 శాతం టాలరెన్స్‌ది. డిగ్రీకి 4 శాతం మారే భాగం అది, అంటే ఒక్కో ముక్కకీ డిగ్రీకి పైనే తేడా. ఆ మాట చెప్పి టీకి వెళ్లిపోయాను.