చింగ్‌మింగ్ కదలదు, డ్రాగన్ పడవల పండుగ ఎందుకు కదులుతుంది?

2020లో చైనావాళ్ల చింగ్‌మింగ్ పండుగ ఏప్రిల్ 4న వచ్చింది. డ్రాగన్ పడవల పండుగ జూన్ 25న వచ్చింది. రెండింటి మధ్య 82 రోజులు. 2025లోనూ చింగ్‌మింగ్ ఏప్రిల్ 4నే. పడవల పండుగ మాత్రం మే 31కే వచ్చేసింది, అంటే 57 రోజులకే. మొదటి పండుగ ఉన్నచోటే ఉంది, రెండోది పాతిక రోజులు ముందుకు జరిగింది.

దీనికి మామూలుగా చెప్పే కారణం ఒకటుంది. చింగ్‌మింగ్‌ది సూర్యుడి లెక్క, పడవల పండుగది చంద్రుడి లెక్క అంటారు. తప్పేమీ కాదు గానీ, సగం దూరమే వెళ్లి ఆగిపోయే జవాబు అది. పడవల పండుగ ఐదో చాంద్రమాసంలో ఐదో రోజు. ఐదో రోజు ఏదో చంద్రుడు చెబుతాడు, నిజమే. మరి అది ఐదో నెల అని చెప్పేదెవరు? సూర్యుడే. ఆ సంగతి వదిలేస్తే 2020, 2025 తేదీల మధ్య తేడా అర్థం కాదు.

ముందు చింగ్‌మింగ్ సంగతి చూద్దాం. ఆ రోజు కుటుంబాలు పెద్దల సమాధుల దగ్గరికి వెళ్లి గడ్డి పీకి, శుభ్రం చేసి, తిండి పెట్టి, కాగితపు డబ్బు కాల్చి దణ్ణం పెట్టుకుంటాయి. మన మహాలయ అమావాస్య లాంటిది అనుకోబోతాం గానీ, తిథితో దీనికి సంబంధమే లేదు. మార్చి 20 ప్రాంతంలో పగలూ రాత్రీ సమానమయ్యే రోజున సూర్యుడి స్థానాన్ని సున్నా డిగ్రీలుగా తీసుకుంటారు. అక్కడి నుంచి 360 డిగ్రీల దారిని పదిహేనేసి డిగ్రీల చొప్పున 24 భాగాలు చేస్తారు. ఒక్కో గీతకూ ఒక పేరుంది. సున్నా తర్వాత వచ్చే మొదటి గీత, అంటే 15 డిగ్రీలది, చింగ్‌మింగ్. సూర్యుడు ఆ గీతను బీజింగ్ సమయం ప్రకారం ఏ తేదీన దాటితే ఆ తేదీయే పండుగ.

2024లో సూర్యుడు ఆ గీతను ఏప్రిల్ 4 మధ్యాహ్నం మూడింటికి దాటాడు. 2025లో అదే తేదీన రాత్రి ఎనిమిదీ ముప్పావుకు దాటాడు. 2026కి వచ్చేసరికి ఆ క్షణం అర్ధరాత్రి దాటి తెల్లవారుజామున 2:40కి జరిగింది. దాంతో పండుగ ఏప్రిల్ 5కి మారింది. ఏటా దాదాపు 5 గంటల 50 నిమిషాలు వెనక్కి పోతూ ఉంటుంది, లీపు సంవత్సరంలో ఫిబ్రవరి 29 వచ్చి దాన్ని మళ్లీ ఒక రోజు ముందుకు లాగుతుంది. అందుకే 2028లో మళ్లీ ఏప్రిల్ 4. ఈ పండుగ తేదీలో ఉన్న ఊగిసలాట అంతా ఇంతే.

మన సంక్రాంతి కూడా సూర్యుడి లెక్కే కదా, మరి దాని తేదీ ఎందుకు జరుగుతోంది అని అడగొచ్చు. వివేకానందుడు పుట్టిన 1863 జనవరి 12 మకర సంక్రాంతి రోజు. ఇప్పుడు 14న గానీ 15న గానీ వస్తోంది. మనం రాశిని నక్షత్రాలను బట్టి కొలుస్తాం, అది నిరయన పద్ధతి. చైనావాళ్లు విషువత్తు నుంచి, అంటే పగలూ రాత్రీ సమానమయ్యే ఆ రోజు నుంచి కొలుస్తారు, అది సాయన పద్ధతి. ఆ రెండు సున్నాల మధ్య ఇప్పుడు దాదాపు 24 డిగ్రీల ఎడం ఉంది, అది నెమ్మదిగా పెరుగుతూనే ఉంది. సూర్యుడు మకర రేఖ మీదికి వచ్చేది డిసెంబర్ 21, 22 తేదీల్లో అయినా మన మకర సంక్రాంతి జనవరి మధ్యలో రావడానికి కారణం ఇదే. చింగ్‌మింగ్‌కు ఆ బాధ లేదు. రుతువుకు కట్టేసిన తేదీ కాబట్టి రుతువును వదిలి పోదు.

అయితే అది ఎప్పుడూ ఇలాగే లేదు. 1645 వరకు చైనా పంచాంగంలో ఏడాదిని రోజుల్లో సమానంగా 24 ముక్కలు చేసేవారు. డిసెంబర్‌లో పగలు అతి పొట్టిగా ఉండే రోజు నుంచి లెక్కపెడితే ఏడో ముక్క చివర చింగ్‌మింగ్ వచ్చేది, అంటే నూట ఆరున్నర రోజులకు. భూమి జనవరి మొదట్లో సూర్యుడికి దగ్గరగా ఉండి కాస్త వేగంగా తిరుగుతుంది కాబట్టి, అసలు 15 డిగ్రీల గీత 104 రోజుల చిల్లరకే వచ్చేస్తుంది. 1645లో చింగ్ రాజవంశం ఆడమ్ షాల్ అనే జెస్యూట్ ఫాదర్ సాయంతో కొత్త పంచాంగం తెచ్చి, రోజుల బదులు సూర్యుడి అసలు స్థానాన్ని ప్రమాణం చేసింది. పండుగ రెండు రోజులు ముందుకొచ్చింది. దాని దెబ్బ పక్కనున్న ఇంకో పండుగకు తగిలింది. పొయ్యి వెలిగించకుండా చల్లన్నం తినే రోజు ఒకటి ఉండేది, శీతాకాలపు ఆ పొట్టి పగటి రోజు నుంచి 105వ రోజున. పాత లెక్కలో అది చింగ్‌మింగ్‌కు ఒకటి రెండు రోజులు ముందు పడేది. 2024 డిసెంబర్ 21 నుంచి 105 రోజులు లెక్కపెట్టి చూడండి. 2025 ఏప్రిల్ 5 వస్తుంది, అంటే చింగ్‌మింగ్ మర్నాడు. ముందు రావాల్సిన పండుగ వెనకబడిపోయింది.

ఇక పడవల పండుగ. నెలలో రోజులు లెక్కపెట్టడం వాళ్లకు చాలా తేలిక. అమావాస్య క్షణం ఏ తేదీలో పడితే ఆ తేదీ ఒకటో రోజు. అది ఉదయం పడిందా, రాత్రి పదకొండింటికి పడిందా అన్నది అనవసరం. ఆ తర్వాత వరసగా రెండు, మూడు, నాలుగు, ఐదు. సూర్యోదయానికి ఏ తిథి ఉందో చూడరు. తిథి క్షయం, వృద్ధి లేవు. "పండుగ ఇవాళా రేపా" అని మన దగ్గర టీవీల్లో ఏటా నడిచే చర్చకు అక్కడ చోటే లేదు.

చిక్కంతా నెలకు నంబరు ఇవ్వడంలో ఉంది. ఆ 24 గీతల్లో ఒకటి విడిచి ఒకటి, 30 డిగ్రీల ఎడంతో ఉన్న 12 గీతలు పెద్దవి. చింగ్‌మింగ్ వాటిలో లేదు, అది చిన్న గీతే. పగలు అతి పొట్టిగా ఉండే రోజుది ఒక పెద్ద గీత. అది ఏ చాంద్రమాసంలో పడితే ఆ నెల పదకొండోది. అలాంటి ఒక పదకొండో నెల నుంచి మరుసటి ఏటి పదకొండో నెల దాకా సాధారణంగా 12 నెలలు పడతాయి. ఎప్పుడైనా 13 పడితే, వాటిలో పెద్ద గీత ఒక్కటి కూడా లేని మొదటి నెలను అధిక మాసం చేస్తారు. దానికి కొత్త నంబరు ఉండదు, ముందు నెల నంబరే మళ్లీ వస్తుంది. ఈ పద్ధతిలో జూన్ 21 నాటి గీత, అంటే పగలు అతి పొడవుగా ఉండే రోజు, ఐదో నెలలో పడుతుంది.

2020నే తీసుకుందాం. 2019 నవంబర్ 26న మొదలైన నెలలో డిసెంబర్ 22 గీత ఉంది కాబట్టి అది పదకొండో నెల. 2020 డిసెంబర్ 15న మొదలైనది మళ్లీ పదకొండో నెల. రెండింటి మధ్య లెక్కపెడితే 13 వచ్చాయి. ఏప్రిల్ 23న మొదలైన నాలుగో నెలలో మే 20 నాటి గీత ఉంది. తర్వాతి నెల మే 23 నుంచి జూన్ 20 వరకు. ముందు గీత మే 20న వెళ్లిపోయింది, వచ్చే గీత జూన్ 21న గానీ రాదు. ఒక్క రోజు తేడాలో ఆ నెల ఖాళీగా మిగిలింది. అందుకే అది అధిక నాలుగో నెల అయింది.

జూన్ 21 మీకు గుర్తుండే ఉంటుంది. కరోనా రోజులు, ఆదివారం, పొద్దున సూర్యగ్రహణం. సూర్యగ్రహణం అమావాస్య నాడే వస్తుంది కాబట్టి ఒకటో రోజుకు అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. అక్కడి నుంచి ఐదో రోజు జూన్ 25. పడవల పండుగ ఇంతకంటే ఆలస్యంగా రావడం దాదాపు ఉండదు. 19 ఏళ్ల కిందట, 2001లోనూ అది సరిగ్గా జూన్ 25నే వచ్చింది. సూర్యచంద్రుల లెక్కలు 19 ఏళ్లకోసారి కలుస్తాయి గనక.

ఇందులో ఒక సూక్ష్మం ఉంది. ఆ రోజు సూర్యుడు గీత దాటింది బీజింగ్‌లో పొద్దున 5:44కి. అమావాస్య క్షణం మధ్యాహ్నం 2:41కి. క్షణాలను బట్టి చూస్తే గీత పాత నెలలోనే పడింది, అప్పుడు ఆ నెల ఖాళీ కాదు, అధికమూ కాదు. కానీ చైనా నియమం క్షణాలను కాదు, తేదీలను పోల్చుతుంది. అమావాస్య పడ్డ తేదీ మొత్తం కొత్త నెలదే. ఈ ఒక్క నియమం తెలియక సొంతంగా లెక్క వేసేవాళ్లకు 2020లో పండుగ ఒక నెల ముందు తేలుతుంది.

మన పంచాంగంలో అదే 2020 శార్వరి నామ సంవత్సరం. మనకూ అధిక మాసం వచ్చింది, కానీ మేలో కాదు. సెప్టెంబర్ 18 నుంచి అక్టోబర్ 16 వరకు అధిక ఆశ్వయుజం. సూత్రం ఒకటే, సంక్రాంతి పడని నెల అధికం. సంక్రాంతులను కొలిచే సున్నా వేరు కావడంతో ఖాళీ నెల వేరే చోట తేలింది. 2025 పడవల పండుగ మనకు జ్యేష్ఠ శుద్ధ పంచమి. 2020 నాటిది మాత్రం ఆషాఢ శుద్ధ చవితి. వాళ్లు అప్పటికే ఒక నెల అధికంగా వేసుకున్నారు, మనం ఇంకా వేసుకోలేదు.

తేదీలను పోల్చే నియమానికి ఒక బలహీనత ఉంది. తేదీ ఎక్కడ మారుతుందన్నది ఏ గడియారం చూస్తున్నామన్న దాన్ని బట్టి ఉంటుంది. 1984 డిసెంబర్‌లో సూర్యుడు శీతాకాలపు గీత దాటినప్పుడు బీజింగ్‌లో 22వ తేదీ, అర్ధరాత్రి దాటి 23 నిమిషాలు. వియత్నాం రాజధాని హనోయ్ గడియారం గంట వెనక, కాబట్టి అక్కడ ఇంకా 21. కొత్త నెల రెండు చోట్లా 22నే మొదలైంది. చైనాకు గీత కొత్త నెలలో పడింది, వియత్నాంకు పాత నెలలో. దాంతో 1985 కొత్త సంవత్సరం వియత్నాంలో జనవరి 21న, చైనాలో ఫిబ్రవరి 20న వచ్చింది. గంట తేడాకు నెల తేడా.

చైనా 2017లో పంచాంగ గణనకు జాతీయ ప్రమాణం విడుదల చేసి, అన్నీ బీజింగ్ సమయం ప్రకారమే అని రాసిపెట్టుకుంది. సింగపూర్‌లో ఉన్నా శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉన్నా చైనా కుటుంబాలు ఆ తేదీనే పాటిస్తాయి. అమెరికాలోని మన తెలుగువాళ్లు ఊరి సూర్యోదయం చూసుకుని, ఇండియాలో కంటే ఒక రోజు ముందు పండుగ చేసుకునే సందర్భాలు ఉంటాయి. శాస్త్రానికి మన పద్ధతే దగ్గర అనేవాళ్లతో నేను వాదించను. కానీ సెలవు ప్రకటించాల్సిన ప్రభుత్వానికి చైనా పద్ధతే మేలు. 2008 నుంచి ఈ రెండు పండుగలూ అక్కడ జాతీయ సెలవులు, తేదీ మీద గొడవ మాత్రం లేదు.

జపాన్ ఇంకో దారి పట్టింది. 1873లో ఇంగ్లీషు క్యాలెండర్‌కు మారినప్పుడు ఐదో నెల ఐదో రోజును ఉన్నపళంగా మే 5 చేసేసింది. తేలికే, కానీ చంద్రుడూ పోయాడు, నడివేసవీ పోయింది.

రాబోయే ఏళ్లలో చూడదగ్గది 2028. మే 24న మొదలయ్యే నెల చివర్లో జూన్ 21 గీత పడుతుంది కాబట్టి అది ఐదో నెల, పండుగ మే 28 ఆదివారం. తర్వాత జూన్ 23 నుంచి వచ్చే నెలలో ఏ పెద్ద గీతా లేదు. అది అధిక ఐదో నెల. దానికీ ఒక ఐదో రోజు ఉంది, జూన్ 27 మంగళవారం. 2009లోనూ ఇలాగే జరిగింది. పండుగ, దాని సెలవు మే 28కే వచ్చాయి, రెండో ఐదో రోజుకు పండుగ సెలవేమీ ఇవ్వలేదు.